మూడు పైసల తేడా ఎక్కడిది? వడ్డీ స్టేట్‌మెంట్లలో రౌండింగ్ లెక్క

క్లుప్తంగా: వడ్డీ స్టేట్‌మెంట్ మొత్తానికీ సొంతంగా వేసుకున్న లెక్కకూ నాలుగైదు పైసల తేడా వస్తే, చాలాసార్లు రెండు లెక్కలూ సరైనవే అయ్యుంటాయి. పైసా తర్వాతి అంకెలను ఏ దశలో వదిలేశారన్నదే తేడా. ఆ దశను బట్టి తేడా తీరు మారుతుంది. ఒక రకం తేడా బిల్లుల సంఖ్యతో పెరుగుతుంది, మరొకటి రోజులతో, ఇంకొకటి వడ్డీ మొత్తంతో. ఈ తీరును గుర్తిస్తే కారణం ఏమిటో, ఏ తేడాను వదిలేయవచ్చో, దేన్ని వెనక్కి వెళ్లి వెతకాలో తెలుస్తుంది.

## పైసలు మళ్లీ ఎందుకు కనబడుతున్నాయి

పావలా, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30 నుంచి చెలామణిలో లేవు. చేతికి ఇచ్చి పుచ్చుకునే నగదులో మూడు పైసలకు అప్పుడే చోటు పోయింది. నగదుతో బాకీ తీరినంత కాలం గుమస్తా చిల్లరను వదిలేసి ఖాతా కొట్టేసేవాడు. ఇప్పుడు చెల్లింపు యూపీఐలోనో నెఫ్ట్‌లోనో వెళ్తోంది. పైసలతో సహా పంపవచ్చు, పైసలతో సహా అందుతుంది. అటు అమ్మినవారి సాఫ్ట్‌వేర్, ఇటు కొన్నవారి సాఫ్ట్‌వేర్ రెండూ బిల్లుకు బిల్లు సరిపోల్చుకుంటాయి. మనిషి పట్టించుకోని మూడు పైసలను యంత్రం ‘సరిపోలలేదు’ అని ఎర్ర రంగులో చూపిస్తుంది.

బ్యాంకు పొదుపు ఖాతాలో ఈ తలనొప్పి పెద్దగా ఉండదు. 2010 ఏప్రిల్ 1 నుంచి పొదుపు ఖాతాలకు రోజువారీ నిల్వ మీద వడ్డీ లెక్కగడుతున్నారు. డిపాజిట్లపై ఇచ్చే వడ్డీని దగ్గరి రూపాయికి రౌండ్ చేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. యాభై పైసలు, ఆపైన ఉంటే పై రూపాయి, తక్కువుంటే కింది రూపాయి. విదేశీ కరెన్సీలో ఉండే ఎఫ్‌సీఎన్ఆర్ (బి) డిపాజిట్లకు మాత్రం రెండు దశాంశ స్థానాల వరకు లెక్క. అంటే బ్యాంకుకు ఎక్కడ రౌండ్ చేయాలో చెప్పే రాతపూర్వక నియమం ఉంది. వ్యాపారుల మధ్య నడిచే ఖాతాల్లో సాధారణంగా అటువంటిదేమీ ఉండదు. బిల్లు అడుగున ‘గడువు దాటితే 18 శాతం వడ్డీ’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఏడాదికి ఎన్ని రోజులు, రౌండింగ్ బిల్లుకా మొత్తానికా, సగం పైసా వస్తే ఎటు అన్నవేవీ అందులో ఉండవు. పైసల తగాదాలు పుట్టేది ఆ ఖాళీలోనే.

## ఒక ఖాతా: ఆరు బిల్లులు, రెండు మొత్తాలు

రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ టోకు దుకాణం ఒకటి, ఆ సరుకు కొనే కూకట్‌పల్లి కాంట్రాక్టరు ఒకరు ఉన్నారనుకుందాం. గడువు దాటిన ఆరు బిల్లులపై దుకాణం ఏడాదికి 18 శాతం చొప్పున, 365 రోజుల ఏడాది లెక్కతో వడ్డీ వేసింది. సూత్రం ఒక్కటే: బిల్లు మొత్తాన్ని రోజులతో గుణించి, 18తో గుణించి, 36500తో భాగించాలి.

| బిల్లు (రూ.) | దాటిన రోజులు | రౌండ్ చేయని వడ్డీ | పైసాకు రౌండ్ చేస్తే |
|---|---|---|---|
| 12,480 | 41 | 252.33534 | 252.34 |
| 8,650 | 36 | 153.56712 | 153.57 |
| 21,360 | 29 | 305.47726 | 305.48 |
| 5,920 | 23 | 67.14740 | 67.15 |
| 16,230 | 17 | 136.06521 | 136.07 |
| 9,875 | 11 | 53.56849 | 53.57 |

దుకాణం స్టేట్‌మెంట్‌లో చివరి నిలువు వరుసలోని అంకెలు కూడితే 968.18 రూపాయలు. కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసే అకౌంటెంట్ ఇదే పట్టికను ఎక్సెల్‌లో వేశారు. అక్కడా ప్రతి బిల్లు ఎదుట అవే అంకెలు: 252.34, 153.57, 305.48... కానీ కింద మొత్తం 968.16. ప్రతి వరుసా పైసాతో సహా కలుస్తోంది, కూడిక కలవడం లేదు. చూసేవారికి ఎక్సెల్‌కు కూడిక రాదేమో అనిపిస్తుంది.

ఎక్సెల్ కూడినది తెర మీద కనిపించే అంకెలను కాదు. సెల్‌కు రెండు దశాంశాల ఫార్మాట్ పెడితే కనిపించే రూపం మాత్రమే మారుతుంది, లోపల 252.33534 అలాగే ఉంటుంది. SUM లోపలి విలువలనే కూడుతుంది. దుకాణం సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి బిల్లు వడ్డీని నిజంగానే పైసాకు మార్చి, మారిన అంకెనే ఖాతాలో రాసి, ఆ రాసినవాటిని కూడింది. మొదటి బిల్లులో దాదాపు అర పైసా పెరిగింది, రెండో దానిలో పావు పైసాకు కాస్త పైన. ఇలా ఆరింటిలో పెరిగినవన్నీ కలిస్తే 1.918 పైసలు. అదే రెండు పైసల తేడాగా బయటపడింది.

ఇక్కడ ఆరు బిల్లులూ ఒకేవైపు, పైకే రౌండ్ కావడం కాకతాళీయం. మామూలుగా కొన్ని పైకి, కొన్ని కిందికి పోతాయి కాబట్టి చాలావరకు ఒకదానికొకటి చెల్లిపోతాయి.

## ఆ తోక ఎందుకు తెగదు

వడ్డీ పైసా దగ్గర ఆగకుండా అంత పొడవు ఎందుకు సాగుతుందంటే, భాగించేది 365 కావడం వల్ల. 365 అంటే 5 ఇంటూ 73. దశాంశ పద్ధతిలో 5తో భాగించడం ఇబ్బంది కాదు, 73తోనే ఇబ్బంది. 1ని 73తో భాగిస్తే 0.01369863, 01369863 అంటూ ఎనిమిది అంకెలు తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి. బిల్లు పూర్తి రూపాయల్లో ఉన్నప్పుడు మొత్తాన్ని రోజులతో గుణించిన లబ్ధం 73కు గుణిజమైతే తప్ప వడ్డీ ఎక్కడా ఆగదు. గడువు సరిగ్గా 73 రోజులో 146 రోజులో దాటితే ఆగుతుంది. మిగతా బిల్లుల్లో దాదాపు అన్నిటికీ ఎక్కడో ఒకచోట కోయక తప్పదు.

దీన్నుంచి ఇంకొక సంగతి తెలుస్తుంది. సరిగ్గా అర పైసా వస్తే పైకా కిందికా అన్న చర్చ లెక్కల వాళ్లలో తరచూ వినిపిస్తుంది. కానీ పూర్తి రూపాయల బిల్లుకు 18 శాతం, 365 రోజుల లెక్కలో సరిగ్గా అర పైసా రావడం అసలు సాధ్యం కాదు. రావాలంటే లబ్ధాన్ని 36తో గుణించినది 365ను ఒక బేసి సంఖ్యతో గుణించిన దానికి సమానం కావాలి. మొదటిది ఎప్పుడూ సరిసంఖ్య, రెండోది ఎప్పుడూ బేసి. కాబట్టి పై పట్టికలోని రెండు పైసలకు అర పైసా నియమాన్ని తప్పుపట్టడంలో అర్థం లేదు. ఆ నియమం పెత్తనం చేసే చోటు వేరే ఉంది.

## రూపాయిన్నర మిత్తిలో కథ వేరు

నూటికి నెలకు రూపాయిన్నర మిత్తి అన్నది హైదరాబాద్‌లో నోటి మాటగా నడిచే రేటు. ఏడాదికి చూస్తే అదీ 18 శాతమే. రోజుల లెక్క లేకుండా పూర్తి నెలకు వేస్తే భాగించేది 365 కాదు, 100 మాత్రమే. అప్పుడు తోక పొట్టిది. పూర్తి రూపాయల బాకీకి ప్రతి రూపాయికీ ఒకటిన్నర పైసా వడ్డీ. బాకీ సరిసంఖ్య అయితే వడ్డీ పైసాలో తెగుతుంది. బేసి సంఖ్య అయితే ప్రతిసారీ సరిగ్గా అర పైసా మిగులుతుంది.

4,723 రూపాయల బాకీ చూడండి. నెల వడ్డీ 70 రూపాయల 84న్నర పైసలు. స్కూల్లో నేర్పే పద్ధతిలో అర పైసాను పైకి తీసుకుంటే 70.85. ‘సరిసంఖ్య వైపు’ అనే మరో పద్ధతి ఉంది. అర వచ్చినప్పుడు పక్కనున్న రెండు అంకెల్లో సరిసంఖ్య ఏదో దానికి మారుతుంది. ఆ లెక్కన 70.84. దీనికి బ్యాంకర్స్ రౌండింగ్ అని పేరున్నా, మన బ్యాంకుల రూపాయి రౌండింగ్‌కు రిజర్వు బ్యాంకు చెప్పింది యాభై పైసలను పైకి తీసుకోమనే.

రెండు పద్ధతుల మధ్య ఫలితం ఎలా పోగవుతుందో గమనించాలి. అర పైసాను ఎప్పుడూ పైకి తీసుకుంటే బేసి బాకీ ఉన్న ప్రతి ఖాతాలోనూ అర పైసా అప్పు ఇచ్చినవారి వైపే పడుతుంది. నలభై ఖాతాల్లో ఇరవై బేసి అయితే నెలకు పది పైసలు, ఎప్పుడూ ఒకేవైపు. సరిసంఖ్య పద్ధతిలో సగం ఖాతాల్లో పైకి, సగం ఖాతాల్లో కిందికి పోయి దాదాపు చెల్లిపోతాయి. ఒక కార్యాలయంలోనే రెండూ కలిసి ఉండడం వింతేమీ కాదు. ఎక్సెల్ సెల్‌లో రాసే `ROUND` అర పైసాను పైకి తీసుకుంటుంది. అదే ఎక్సెల్‌లో మాక్రోలు రాసే వీబీఏ భాషలోని `Round` సరిసంఖ్య వైపు తీసుకుంటుంది. ఫైల్ ఒకటే, పేరు ఒకటే, ఫలితం రెండు రకాలు.

మూడో చిక్కు కంప్యూటర్ లోపలిది. మామూలు దశాంశ సంఖ్యలను కంప్యూటర్ 0, 1 అనే రెండే అంకెలతో రాసే పద్ధతిలో దాచుకుంటుంది. అందులో 1.005 సరిగ్గా ఇమడదు, దానికన్నా అతి స్వల్పంగా తక్కువ విలువ నిలుస్తుంది. 67 రూపాయలపై నెల వడ్డీ సరిగ్గా 1.005 రూపాయలు. పైథాన్‌లో ఇలా వస్తుంది:

```
>>> round(67 * 1.5 / 100, 2)
1.0
```

1.01 కోసం చూసేవారికి ఒక పైసా తగ్గినట్టు కనిపిస్తుంది. డబ్బును పూర్తి పైసల్లోనో, దశాంశాలను ఉన్నది ఉన్నట్టుగా దాచే డెసిమల్ రకంలోనో ఉంచమని ప్రోగ్రామర్లకు చెప్పేది ఇందుకే:

```
>>> from decimal import Decimal, ROUND_HALF_UP
>>> x = Decimal("67") * Decimal("1.5") / 100
>>> x.quantize(Decimal("0.01"), ROUND_HALF_UP)
Decimal('1.01')
```

అయితే ఈ చిక్కు సరిగ్గా అర పైసా దగ్గరే పైసా రూపంలో బయటపడుతుంది. రోజుల లెక్కన వేసిన రాణిగంజ్ పట్టికలో దీనికి అవకాశం లేదు.

## కోత ఎక్కడ పడితే తేడా ఎంత

మళ్లీ ఆరు బిల్లుల దగ్గరకు వస్తే, అదే ఖాతాను ఇంకా మూడు రకాలుగా లెక్కించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. వాటి ఫలితాలను పక్కపక్కన పెడితే ఒక్కో తప్పుకు ఒక్కో ముద్ర ఉందని తెలుస్తుంది.

మొదటిది, పైసా తర్వాతి అంకెలను రౌండ్ చేయకుండా కోసేయడం. 252.33534 ఉంటే 252.33. ఇలా ఆరింటినీ కోసి కూడితే 968.12 వస్తుంది, సరైన మొత్తం కన్నా నాలుగు పైసలు తక్కువ. దీని గుర్తు ఏమిటంటే తేడా ఎప్పుడూ ఒకేవైపు ఉంటుంది, వరుసకు సగటున అర పైసా చొప్పున పెరుగుతూ పోతుంది. వంద వరుసలుంటే దాదాపు అర్ధరూపాయి. రౌండ్ చేసిన లెక్కలో అలా జరగదు. హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి వంద వరుసలున్నా తేడా మూడు పైసల దరిదాపుల్లో ఉంటుంది, పది పైసలు దాటడం చాలా అరుదు.

రెండోది, రోజు వడ్డీని ముందే పైసాకు రౌండ్ చేసి, తర్వాత రోజులతో గుణించడం. 12,480 రూపాయలకు రోజు వడ్డీ 6.15452 రూపాయలు. దీన్ని 6.15 చేసి 41తో గుణిస్తే 252.15, అంటే ఒక్క బిల్లులోనే 19 పైసలు తగ్గాయి. 8,650 రూపాయల బిల్లులో రోజు వడ్డీ 4.26575ను 4.27 చేయడంతో 36 రోజులకు 153.72 వచ్చింది, ఇక్కడ 15 పైసలు పెరిగాయి. మొత్తం 967.97. ఈ పద్ధతి గుర్తు స్పష్టంగా ఉంటుంది. పాత బిల్లుల్లో తేడా పెద్దది, కొత్త బిల్లుల్లో చిన్నది. పదకొండు రోజుల బిల్లులో తేడాయే లేదు. చేసిన తప్పు ఎన్ని రోజులుంటే అన్ని రెట్లవుతుంది.

మూడోది రేటును కుదించడం. 18ని 365తో భాగిస్తే రోజు రేటు 0.0493150... శాతం. ఎవరో దాన్ని 0.0493 అని ఒక సెల్‌లో టైపు చేసి ఉంచారనుకోండి. మొత్తం 967.86 అవుతుంది, 30 పైసలు తక్కువ. ఇక్కడ తేడా రోజుల మీద కాక వడ్డీ మొత్తం మీద ఆధారపడుతుంది. ప్రతి వంద రూపాయల వడ్డీకీ మూడు పైసలు తగ్గుతాయి, ఏ బిల్లు తీసుకున్నా అదే నిష్పత్తి. చిన్న ఖాతాలో ఇది పైసల్లో దాగి ఉంటుంది. లక్ష రూపాయల వడ్డీ వేసే దుకాణానికి ముప్పై రూపాయలకు పైగా అవుతుంది. అందుకే దీన్ని రౌండింగ్ తేడా అని కొట్టిపారేయకూడదు. సెల్‌లో రేటు ఎలా రాసి ఉందో తెరిచి చూడాలి.

ఈ మూడింటితో పోల్చడానికి, రౌండింగ్‌తో సంబంధం లేని తేడాలు ఎంత ఉంటాయో కూడా తెలియాలి. 365 బదులు 366తో భాగిస్తే ఇదే ఖాతాలో 2 రూపాయల 65 పైసలు తగ్గుతాయి. 360 రోజుల ఏడాది తీసుకుంటే 13 రూపాయల 45 పైసలు పెరుగుతాయి. గడువు తేదీని కూడా కలిపి ప్రతి బిల్లుకూ ఒక రోజు ఎక్కువ లెక్కిస్తే 36 రూపాయల 75 పైసలు పెరుగుతాయి. ట్యాలీలో ఖాతాకు వడ్డీ రేటు పెట్టేటప్పుడు 30 రోజుల నెల, 365 రోజుల ఏడాది, క్యాలెండర్ నెల, క్యాలెండర్ ఏడాది అని ఎంపికలు వస్తాయి. ఇరువైపులా వేర్వేరు ఎంపికలుంటే తేడా పైసల్లో ఆగదు, రూపాయల్లోకి వెళ్తుంది. రూపాయల తేడా కనిపించినప్పుడు దశాంశాల వెంట పడడం వృథా.

## పన్ను దగ్గర చేరిన మూడో పైసా

రెండు పైసలకు కారణం దొరికింది. కానీ ఈ వడ్డీని పన్నుతో కలిపి వసూలు చేయడానికి దుకాణం పంపిన డెబిట్ నోటు మొత్తానికీ కాంట్రాక్టరు లెక్కకూ ఉన్న తేడా మూడు పైసలు. మిగిలిన పైసా జీఎస్టీ దగ్గర పుట్టింది.

చెల్లింపు ఆలస్యమైనందుకు వసూలు చేసే వడ్డీ కూడా సరుకు విలువలో భాగమేనని సీజీఎస్టీ చట్టం సెక్షన్ 15 చెబుతుంది. అసలు సరుకుపై 18 శాతం పన్ను ఉంటే ఈ వడ్డీ మీదా అంతే. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ తెలంగాణలోనే ఉన్నారు కాబట్టి ఆ పన్ను రెండు ముక్కలవుతుంది: సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం. దుకాణం సాఫ్ట్‌వేర్ 968.18పై 9 శాతం వేస్తే 87.1362 వచ్చింది, దాన్ని 87.14 చేసింది. అలాంటివి రెండు కాబట్టి పన్ను 174.28, మొత్తం 1,142.46. కాంట్రాక్టరు అకౌంటెంట్ 968.16పై ఒకేసారి 18 శాతం వేశారు. వచ్చింది 174.2688, అంటే 174.27. మొత్తం 1,142.43.

దుకాణం తన 968.18 మీదే ఒకేసారి 18 శాతం వేసి ఉంటే పన్ను 174.27 వచ్చేది. అంటే అదనపు పైసా రెండు ముక్కలుగా రౌండ్ చేయడం వల్లే వచ్చింది. ఇక్కడ కొనేవారి అకౌంటెంట్ తన అంకెకు పట్టుబట్టడం తెలివైన పని కాదు. పన్ను క్రెడిట్ అమ్మినవారు చూపిన పత్రాన్ని బట్టి వస్తుంది. కొనేవారికి వచ్చే క్రెడిట్‌ను చూపే జీఎస్టీఆర్-2బీలో కనిపించేది 87.14, 87.14 గనుక పుస్తకాల్లోనూ అవే రాసుకోవాలి. లేకపోతే ఖాతాలో సర్దుకున్న పైసా పన్ను సరిపోలికలో మళ్లీ తేలుతుంది.

ఇన్‌వాయిస్ అడుగున ‘రౌండ్ ఆఫ్’ వరుస ఉంటే రెండు మొత్తాలూ 1,142 రూపాయలే అవుతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. అది అదృష్టం మాత్రమే. ఒక మొత్తం 1,142.51, ఇంకొకటి 1,142.48 అయితే అదే మూడు పైసలు ఒకరి దగ్గర 1,143గా, మరొకరి దగ్గర 1,142గా మారి రూపాయి తేడాగా కనిపించేవి. ‘పైసల తేడా అన్నారు, రూపాయి ఎక్కడిది’ అన్న అనుమానానికి ఎక్కువసార్లు మూలం ఈ గడప దాటడమే.

## వెతికే క్రమం

ముందుగా ఏ రౌండింగూ లేని మొత్తం ఎంతో తెలియాలి. అది లేకుండా రెండు రౌండ్ చేసిన మొత్తాలను ఒకదానితో ఒకటి పోల్చితే ఏది ఎటు జరిగిందో తేలదు. బిల్లు మొత్తాలు C నిలువు వరుసలో, రోజులు D నిలువు వరుసలో ఉంటే ఎక్సెల్‌లో ఒక్క సూత్రం చాలు:

```
=SUMPRODUCT(C2:C7,D2:D7)*18/36500
```

మన ఉదాహరణలో ఇది 968.1608 ఇస్తుంది. తర్వాత వరుసలను లెక్కపెట్టాలి. బిల్లుకు బిల్లు రౌండ్ చేస్తే ఒక వరుసలో గరిష్ఠంగా అర పైసా మారుతుంది కాబట్టి, ఆరు వరుసలకు తేడా మూడు పైసలకు మించదు. స్టేట్‌మెంట్ తేడా ఆ హద్దు లోపల ఉంటే కారణం వరుసల రౌండింగ్ కావచ్చు. హద్దు దాటితే, ఎంత చిన్నదైనా, కారణం ఇంకేదో ఉంది. 19 పైసలు ఆరు వరుసల రౌండింగ్ వల్ల రావడం అసాధ్యం. ఈ ఒక్క హద్దు చూసుకుంటే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

హద్దు లోపల ఉంటే ఎక్సెల్ వరుసలో వడ్డీ సూత్రాన్ని ఇలా మార్చి మొత్తం మళ్లీ చూడాలి:

```
=ROUND(C2*D2*18/36500,2)
```

ఇప్పుడు కూడిక 968.18 అయితే కారణం రుజువైనట్టే. కాకపోతే వరుసలను ఒక్కొక్కటిగా పోల్చాలి. మొత్తంలో తేడా చిన్నదిగా ఉందని వరుసల్లోనూ చిన్నదే అనుకోవడం ప్రమాదం. రోజు వడ్డీని రౌండ్ చేసిన లెక్కలో ఒక బిల్లు 19 పైసలు తగ్గి, ఇంకొకటి 15 పైసలు పెరిగింది. ఆ రెండు బిల్లులే స్టేట్‌మెంట్‌లో ఉంటే కింద కనిపించేది నాలుగు పైసలు. చూడగానే మామూలు రౌండింగ్ అనిపిస్తుంది. రెండు వరుసల హద్దు ఒక్క పైసా కాబట్టి అది కాదని తెలుస్తుంది.

తేడా సరిగ్గా 9 పైసలో, 18 పైసలో, 27 పైసలో అయితే పాత గుమస్తాలు ముందు చూసేది రౌండింగ్‌ను కాదు, తారుమారైన అంకెలను. 252.34ను చేత్తో ఎక్కించేటప్పుడు 252.43 అని కొడితే తేడా 9 పైసలు. పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9కి గుణిజమే. కంప్యూటర్ స్టేట్‌మెంట్ ఒకవైపు, చేత్తో ఎక్కించిన రిజిస్టరు మరోవైపు ఉన్న చోట ఈ పరీక్షకు ఇప్పటికీ విలువ ఉంది.

కొన్ని సాఫ్ట్‌వేర్లు మొత్తాన్ని ముందు నిర్ణయించి, వరుసల కూడిక దానికి కలవకపోతే ఆ పైసలను చివరి బిల్లుకో, అన్నిటికన్నా పెద్ద బిల్లుకో సర్దుతాయి. అప్పుడు మొత్తం సరిపోయి ఒక్క వరుసలో మాత్రం రెండు పైసలు ఎందుకు తేడాగా ఉన్నాయో అర్థం కాదు. ఒకే వరుసలో, అదీ ఎప్పుడూ చివరి వరుసలోనే తేడా వస్తుంటే ఈ సర్దుబాటు జరుగుతోందని అనుకోవచ్చు.

## ఖాతా ఎలా మూయాలి

కారణం తెలిసినా పుస్తకాల్లో మూడు పైసలు మిగిలే ఉంటాయి. కాంట్రాక్టరు 1,142.43 పంపితే దుకాణం ఖాతాలో ఆ డెబిట్ నోటు పూర్తిగా తీరదు. మూడు పైసల బాకీతో తెరిచే ఉంటుంది. దాని మీద నెల రోజుల వడ్డీ 0.044 పైసలు, రౌండ్ చేస్తే సున్నా. అంటే బాకీ పెరగదు, తీరదు. గడువు దాటిన బిల్లుల జాబితాలో మాత్రం 30 రోజులు, 60 రోజులు, 90 రోజులు అంటూ జరుగుతూ ఉంటుంది. కొత్త సరుకు అప్పుగా ఇచ్చే ముందు ఆ జాబితా చూసే దుకాణాల్లో ఆ ఒక్క వరుస సరుకును ఆపేయగలదు.

దీనికి అకౌంటెంట్లు చేసేది ‘రౌండ్ ఆఫ్’ పేరుతో విడిగా ఒక లెడ్జర్ తెరిచి, ఆ డెబిట్ నోటు నంబరును చూపిస్తూ మూడు పైసలకు జర్నల్ ఎంట్రీ వేయడం. నంబరు చూపించడం ముఖ్యం. ఖాతా మొత్తం మీద వేస్తే నిల్వ సున్నా అవుతుంది గానీ జాబితాలో బిల్లు తెరిచే ఉంటుంది. ఈ లెడ్జర్‌కు ఒక పరిమితి పెట్టుకోవడం మంచిది. దాన్ని ‘రూపాయి లోపు ఏదైనా’ అని కాకుండా వరుసకు అర పైసా, పన్ను ముక్కకు అర పైసా చొప్పున పెట్టాలి. రూపాయి దాకా వదిలేస్తే 0.0493 అని టైపు చేసిన రేటు ఏళ్ల తరబడి ఆ లెడ్జర్‌లో దాక్కుంటుంది. ఏడాది చివర ఆ లెడ్జర్ నిల్వ చూడాలి. రౌండింగ్ మాత్రమే అయితే డెబిట్లు, క్రెడిట్లు కలిసి సున్నాకు దగ్గరగా తిరుగుతుంటాయి. నెల నెలా ఒకేవైపు పెరుగుతూ పోతుంటే ఎక్కడో అంకెలను కోసేస్తున్నారనో, రేటు కుదించారనో అర్థం.

కొత్త ఖాతా తెరిచేటప్పుడే బిల్లు షరతుల్లో ఇంకొక వాక్యం చేర్చుకునే వ్యాపారులకు ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది: ‘365 రోజుల ఏడాది, గడువు మరుసటి రోజు నుంచి లెక్క, ప్రతి బిల్లు వడ్డీ దగ్గరి పైసాకు, అర పైసా పైకి.’ ఇది రాసి ఉంటే రాణిగంజ్ లెక్క 968.18 సరైనది, కూకట్‌పల్లి ఎక్సెల్‌లో ROUND లేకపోవడం పొరపాటు. రాసి లేదు కాబట్టి రెండూ సరైనవే.